రెండు తలుపుల గది

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారని మొన్న ఉదయం ఫోను వచ్చింది. పెద్ద వయసు, కొంతకాలంగా మంచం పట్టి ఉన్నారు, కాబట్టి ఎదురుచూస్తున్న వార్తే. ఫోను చేసిన పాత సహోద్యోగి ఆయన కోపం గురించి, సైకిలు గురించి, లాబులో గాజు సామాను పగలగొట్టిన పిల్లలకు పడ్డ జరిమానాల గురించి చెప్పుకుంటూ పోయారు. నా మనసు మాత్రం ఫిబ్రవరి సాయంత్రాల దగ్గరే తిరుగుతోంది. వార్షికోత్సవానికి ముందు మా కాలేజీలో సెలక్షన్లు జరిగే రోజులవి. సాంస్కృతిక కమిటీకి చాలా ఏళ్ళు ఆయనే కన్వీనరు. నేను తెలుగు శాఖలో కొత్తగా చేరిన లెక్చరర్ని. పద్యంలో తప్పు దొర్లితే పట్టుకుంటుందని నన్ను కమిటీలో వేశారు.

మాది తెనాలి పరిసరాల్లో ఒక డిగ్రీ కాలేజీ. శ్రీరామనవమి పందిళ్ళలో తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు ఆడే అలవాటు ఆ ఊళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు. ప్రతి తరగతిలోనూ రాయబారం పద్యాలు నోటికి వచ్చిన అబ్బాయి ఒకడు, కూచిపూడి నేర్చుకున్న అమ్మాయిలు ఒకరిద్దరు, సినిమా నటుల గొంతులు అనుకరించేవాడు ఒకడు ఉండనే ఉండేవారు. పేర్లకు కరువు లేదు. కరువంతా నిమిషాలకే.

*

ఆహ్వానపత్రంలో సాయంత్రం 5 గంటలకు అని వేసేవాళ్ళం. ముఖ్య అతిథి వచ్చి జ్యోతి వెలిగించి, ప్రిన్సిపాలుగారు వార్షిక నివేదిక చదివి, అతిథి ప్రసంగించి, బహుమతులు పంచేసరికి ఏడు కొట్టేది. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకు. మధ్యలో మిగిలేది 150 నిమిషాలు. ప్రసంగాలు సాగుతాయనీ కరెంటు పోతుందనీ మాస్టారు అందులోంచి ముందే ఓ 30 తీసి పక్కన పెట్టేవారు. మిగతా 120లో కూడా ఒక్కో అంశానికీ తెర వేసి తీయడానికి, మైకు సర్దడానికి 2 నిమిషాలు పోతాయి. నాలుగు నిమిషాల పాట ఆయన లెక్కలో ఆరు నిమిషాలు. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల నిబంధనల్లో స్కిట్‌కు 10 నిమిషాలు, మిమిక్రీకి 5, మూకాభినయానికి 5 అని గడువులు ఉంటాయి. ఆయన ఇక్కడా అదే కొలత పెట్టారు. ఎటు తిప్పి చూసినా పదహారు పదిహేడు అంశాలకు మించి పట్టవు. వచ్చే పేర్లు మాత్రం డెబ్బై దాకా ఉండేవి.

ఈ లెక్కంతా ఆయన దాచుకోలేదు. పేర్లు ఇమ్మని అటెండరు తరగతి తరగతికీ తిప్పే నోటీసులోనే రాయించేవారు: ఇన్ని నిమిషాలున్నాయి, ఇన్ని అంశాలు పడతాయి, నిరుడు ఇన్ని పేర్లు వచ్చాయి. అది చదివి కొందరు లెక్చరర్లు నొసలు చిట్లించేవారు, పిల్లలను ముందే బెదరగొట్టడం ఎందుకని. కానీ ఆ నోటీసు విన్న పిల్లవాడికి మొదటి రోజే ఒక సంగతి తెలిసిపోయేది: నలుగురిలో ఒక్కరికే చోటు. తర్వాత వద్దన్నప్పుడు ఆ మాట పూర్తిగా కొత్తదై వచ్చి పడేది కాదు.

ఇక సిఫార్సుల సంగతి. పెద్దల ఇంటి పిల్ల నాట్యం తప్పకుండా ఉండాలని ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోటి నుంచి కబురు వచ్చేది. దాన్ని ఆపే శక్తి ఆయనకు లేదు, ఉన్నట్టు నటించనూ లేదు. దానిని సెలక్షన్ల జాబితాలో కలపకుండా, స్వాగతోపన్యాసం కాగానే, జనం ఇంకా కుర్చీలు లాక్కుంటున్న వేళ పెట్టించేవారు. దాని నిమిషాలు పక్కన పెట్టిన ముప్పైలోంచే తీసేవారు. "ఆ 120 నిమిషాలూ పిల్లలవి. అందులో చెయ్యి పెడితే రేపు వాళ్ళ మొహం చూసి టైము లేదని ఏ నోటితో చెబుతామమ్మా?" అన్నారు నాతో ఒకసారి. టైము లేదన్న మాట నిజమైనప్పుడే వాడాలని ఆయన పట్టుదల.

*

సెలక్షన్లు నాలుగో పీరియడు అయ్యాక జువాలజీ గ్యాలరీ గదిలో జరిగేవి. ఫార్మలిన్ వాసన, గాజు సీసాల్లో పాములు, వాటి ముందు హార్మోనియం. ఊళ్ళో నాటకాలకు వాయించే హార్మోనియం మాస్టారు ఆ మూడు రోజులూ వచ్చి కూర్చునేవారు. ఆయనకు కాలేజీ ఇచ్చేది రిక్షా ఖర్చులకు సరిపోతుందో లేదో.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చీటీలు తీసి తేల్చేవాళ్ళం. మొదట వచ్చినవాళ్ళకు గొంతు పెగలదు, వినేవాళ్ళకూ ఇంకా కొలత కుదరదు. అందుకని మొదటి ఇద్దరికీ ఆ రోజు ఆఖర్న మళ్ళీ పాడే అవకాశం ఇవ్వడం ఆయన పెట్టిన పద్ధతి. ఎవరికైనా రెండు నిమిషాలే. రెండు నిమిషాలకు అందరినీ ఆపుతామని, ఆపడానికీ పాట బాగుండడానికీ సంబంధం లేదని ముందే చెప్పేవారు. ఆపేటప్పుడు "చాలు" అనకూడదు. కామర్సు లెక్చరరు ఒకాయన ఓసారి చాలు అన్నారని మాస్టారు ఆయనను వరండాలోకి తీసుకుపోయి మాట్లాడి వచ్చారు. "విన్నామమ్మా, సంతోషం" అనాలి, అంతే. లోపలికి తోడుగా ఒక్క స్నేహితురాలినో స్నేహితుణ్ణో రానిచ్చేవారు. మిగతావాళ్ళు బయటే. గ్యాలరీలో నవ్వులు మొదలైతే ఎంత గట్టి గొంతైనా వణుకుతుంది.

శిక్షణ లేని పిల్లలు చాలామంది సినిమాలో విన్న శ్రుతిలోనే పాట ఎత్తుకునేవారు. పల్లవి ఎలాగో గట్టెక్కేది, చరణంలో పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు చీలేది. వాళ్ళను అక్కడితో పంపేస్తే మనం విన్నది వాళ్ళ గొంతును కాదు, వాళ్ళ తొందరను. హార్మోనియం మాస్టారు ఒక మెట్టో రెండు మెట్లో దించి, "ఇప్పుడు అందుకో తల్లీ" అనేవారు. మార్కులు అక్కడి నుంచి మొదలు. గొంతు చిన్నగా ఉందని కూడా మార్కులు తగ్గించేవాళ్ళం కాదు. ఆ రోజు మైకు ఉంటుంది కదా.

ముగ్గురం విడివిడిగా పదికి మార్కులు వేసేవాళ్ళం, ఒకరి కాగితం ఒకరు చూడకుండా. మన శాఖ పిల్లలు వస్తే మనం వేయకూడదు. ఆ కాగితంలో అంకెల పక్కన ఒక వెడల్పు గడి ఉండేది. అందులో మనం విన్నదాన్ని ఒక్క వాక్యంలో రాయాలి. "బాగుంది", "పర్వాలేదు" అని రాస్తే మాస్టారు కాగితం వెనక్కి ఇచ్చేవారు. "రెండో చరణంలో తాళం తొందరపడింది." "ణ, ళ పలకడం లేదు, న, ల వినబడుతున్నాయి." "జోకులు మంచివి, కానీ ముగ్గురి గొంతులూ ఒకేలా ఉన్నాయి." ఇలా ఉండాలి. చేరిన కొత్తలో ఇది నాకు చాదస్తంగా తోచింది. డెబ్బైమందికి డెబ్బై వాక్యాలు, అదీ నిలవలేని ఎండవేళ. ఆ గడి ఎందుకో మూడో రోజు మధ్యాహ్నం గాని బోధపడలేదు.

*

అంతకు ముందు కోలాటం గొడవ ఒకటి చెప్పాలి. బీఏ అమ్మాయిలు పదకొండుమంది కోలాటానికి పేర్లిచ్చారు. జంటలుగా ఆడే ఆట, పదకొండు ఎలాగూ కుదరదు. పైగా మా స్టేజీ బల్లలు కలిపి కట్టేది, చిన్నది. ఎనిమిదిమందికి మించి పట్టరని అనుభవం మీద తెలుసు. ముగ్గురిని తగ్గించుకోమని జట్టుకే వదిలేస్తే స్నేహాలు విరిగిపోతాయి. జట్టు నాయకురాలు నా దగ్గరకు వచ్చి, కాస్త పొట్టిగా ఉన్న పిల్లనూ, నల్లగా ఉన్న ఇద్దరినీ తీసేస్తే లైట్లలో బాగుంటుందని గుసగుసగా చెప్పింది. మాస్టారికి ఆ మాట చేరింది. ఆయన నాయకురాలిని ఏమీ అనలేదు. చాక్‌పీసు తీసుకుని గ్రౌండులోకి వెళ్ళి, స్టేజీ కొలత ప్రకారం నేల మీద గీత గీసి, పదకొండుమందినీ అందులో ఆడమన్నారు. పన్నెండో మనిషిగా అటెండరు భార్యను బతిమాలి నిలబెట్టారు.

మొదటి తిరుగుడులోనే కర్రలు మోచేతులకు తగిలాయి. రెండో తిరుగుడులో ఇద్దరు గీత దాటి బయటకు పోయారు. నిజంగా స్టేజీ అయితే కింద పడేవారు. పట్టడం లేదన్న సంగతి ఎవరూ నోటితో చెప్పనక్కరలేకపోయింది. తర్వాత నలుగురేసి చొప్పున ఆడించి, తిరుగుడులో ఎవరి అడుగు వెనకబడుతోందో, ఎవరి కర్ర తాళానికి ముందు పడుతోందో చూసి ఎనిమిదిమందిని తీసుకున్నాం. పొట్టి పిల్ల అందులో ఉంది. తీసేసినవాళ్ళలో నాయకురాలి ప్రాణస్నేహితురాలు ఉంది. ముగ్గురికీ విడిగా, ఏ తిరుగుడులో ఏమైందో చెప్పారు. ఒకమ్మాయి ఆ మాటలు ఒప్పుకోలేదు. తన కర్ర సరిగానే పడిందని, పక్కనున్న పిల్లే తొందరపడిందని వాదించింది. మాస్టారు ఆమెను మళ్ళీ వేరే జంటతో ఆడించారు. మళ్ళీ అలాగే పడింది. అప్పుడు ఆ అమ్మాయి కర్రలు నేల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ ఏడాది మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. మంచిగా చెబితే అందరూ మంచిగానే తీసుకుంటారని ఆయన ఎప్పుడూ అనుకోలేదు, నేనూ అనుకోను.

*

జాబితా బోర్డు మీదకు ఎక్కేముందు ప్రతి ఒక్కరికీ స్వయంగా చెప్పాలన్నది ఆయన నియమం. అలాగని అటెండరును తరగతికి పంపి ఫలానా పిల్లను పిలుచుకు రమ్మంటే, ఎందుకు పిలిచారో తరగతికంతా తెలిసిపోతుంది. అందుకని సెలక్షన్ల రోజే అందరికీ చెప్పేవారు: ఎంపికైనా కాకపోయినా, మూడో రోజు భోజనాలయ్యాక ప్రతి ఒక్కరూ కెమిస్ట్రీ లాబుకు రావాలి. చీటీల వరుసలోనే రావాలి. దాంతో వరుసలో ఎవరు నిలబడ్డా అందులోంచి ఏ సమాచారమూ బయటపడేది కాదు.

లాబుకు రెండు తలుపులు. వరండా వైపు తలుపులోంచి రావాలి. బ్యాలెన్సుల గది పక్కనున్న రెండో తలుపు వెనక పెరట్లోకి, నీళ్ళ కుళాయి దగ్గరకు తెరుచుకుంటుంది. ఏడ్చిన మొహంతో వరుస ముందు నుంచి నడవనక్కరలేకుండా అటు నుంచి వెళ్ళిపోవచ్చు, మొహం కడుక్కోవచ్చు. ఎంపికైనవాళ్ళు కూడా ఆ తలుపులోంచే పోవాలి. గంతులేస్తూ వరండాలోకి పరిగెత్తకూడదు.

నేను పక్క బల్ల దగ్గర కాగితాలు అందిస్తూ కూర్చునేదాన్ని. లోపలికి వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టేవారు. కూర్చోగానే మొదటి వాక్యం ఫలితమే. "ఈ ఏడాది ప్రోగ్రాంలో నీ పాట లేదమ్మా." ముందు పొగడ్తలు చెప్పి తర్వాత 'కానీ' అనడం ఆయనకు గిట్టదు. పొగుడుతున్నంతసేపూ ఆ పిల్ల 'కానీ' కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుందనేవారు. ఫలితం చెప్పాక కాస్త ఆగి, వెడల్పు గడిలోని వాక్యం చదివేవారు. రెండో చరణంలో తాళం తొందరపడింది. ఎక్కడ అని అడిగితే ఆ పాదం చెప్పేవారు, అవసరమైతే వేలితో బల్ల మీద తాళం వేసి చూపించేవారు. పాట గురించే మాట్లాడేవారు. నీకు గొంతు లేదు, నీకు రాదు అనే మాటలు ఆ గదిలో వినబడలేదు.

అప్పుడు అర్థమైంది నాకు ఆ గడి ఎందుకో. అందులో నిజమైన వాక్యం లేకపోతే ఇక్కడ చెప్పడానికి ఏమీ ఉండదు. "బాగానే పాడావు కానీ పోటీ ఎక్కువగా ఉంది" అని ఏదో అనాల్సి వస్తుంది. ఆ మాట విన్న పిల్ల తనలో ఏం తక్కువైందో తెలియక, రంగు నుంచి కులం దాకా కారణాలు తనే వెతుక్కుంటుంది.

ఆయన చెప్పని మాటలు కూడా కొన్ని ఉన్నాయి. "బాధపడకు" అనేవారు కాదు. "వచ్చే ఏడు తప్పకుండా" అనేవారు కాదు, వచ్చే ఏడు ఎవరు వస్తారో మనకేం తెలుసు. ఒకసారి ఏడుస్తున్న అమ్మాయిని చూసి జాలేసి, వాలంటీరు బ్యాడ్జి ఇద్దామా అని నేను చెవిలో అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ పిల్ల వెళ్ళాక, "పాట లేదన్న నోటితోనే కుర్చీలు సర్దమనకూడదమ్మా" అన్నారు. వాలంటీర్లు కావాలన్న నోటీసు వారం తర్వాత అందరికీ వెళ్ళింది. ఆ అమ్మాయి పేరిచ్చింది, కాకపోతే ఆమె తనంతట తాను ఇచ్చింది.

*

ఇంతలో ఒక బీకాం అబ్బాయి. వాళ్ళ నాన్న చుట్టుపక్కల ఊళ్ళలో కృష్ణ పాత్రకు పేరున్న మనిషి. వృత్తికి వ్యవసాయం, నవమి వచ్చిందంటే కిరీటం. ఆ ఏడాది పద్యానికి ఒక్క చోటే ఉంది, ముగ్గురు పేర్లిచ్చారు. ఈ అబ్బాయి వచ్చి నిలబడి, హార్మోనియం మాస్టారు అడగకముందే "ఐదు శ్రుతి" అన్నాడు. శ్రుతి అంకె పెరిగేకొద్దీ గొంతు అంత పైకి పోవాలి. వాళ్ళ నాన్నది ఐదు. ఎత్తుగడ గంభీరంగానే ఉంది. మూడో పాదంలో పైకి తీసేచోట గొంతు రెండుగా చీలింది. హార్మోనియం మాస్టారు నాలుగుకు దించారు, అక్కడా బిగిసింది. మూడుకు దించారు. మూడులో ఆ గొంతు చక్కగా విచ్చుకుంది, కానీ అబ్బాయికి అది పరాయిగా ఉంది. మాట మరిచిపోయాడు, రాగం సాగదీసి సాగదీసి రెండు నిమిషాల్లో పద్యం సగం కూడా దాటలేదు. మిగతా ఇద్దరిలో ఒకడు మూడులోనే, రెండు నిమిషాల్లో పద్యం మొత్తం తప్పు లేకుండా పాడాడు. మాకు తర్జనభర్జన పడాల్సిన పని లేకపోయింది.

లాబులో స్టూలు మీద కూర్చుని ఫలితం విన్నాడు. గడిలోని వాక్యం విన్నాడు. "ఐదులో మూడో పాదం దగ్గర గొంతు చీలింది, మూడులో నీ గొంతు బాగుంది, అలవాటు లేదు." చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాన్న వస్తానన్నారు సార్. ఊళ్ళో నలుగురికి చెప్పారు కూడా. ఇంటికెళ్ళి ఏం చెప్పను?" అన్నాడు.

మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇప్పుడు నేను చదివిందే చెప్పు నాయనా. ఐదులో నాకు పట్టలేదు, మూడులో పాడమన్నారు అని చెప్పు. మాకంటే ఆయనకే బాగా అర్థమవుతుంది. కావాలంటే కాగితం మీద రాసి ఇస్తాను" అన్నారు. నిజంగానే రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. సంతకం పెట్టేంత వ్యవహారమా అని నాకు నవ్వొచ్చింది గానీ, ఆ అబ్బాయి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్న తీరు చూసి ఊరుకున్నాను.

మర్నాడు ఆ తండ్రి కాలేజీకి వచ్చాడు. పంచె, భుజం మీద కండువా, చేతిలో ఆ కాగితం. గొడవకే వచ్చాడనుకుని అటెండరు ప్రిన్సిపాలు గది వైపు చూపించబోయాడు. ఆయన వినిపించుకోలేదు, హార్మోనియం వాయించింది ఎవరని అడిగాడు. గేటు ఎదురుగా టీకొట్టులో దొరికారు మాస్టారిద్దరూ. నేనూ వెళ్ళాను, ఏమవుతుందోనని.

"మూడులో పాడితే వాడు కృష్ణుడవుతాడా? కృష్ణుడి గుమాస్తా అవుతాడు" అన్నాడాయన కూర్చుంటూనే. కొడుకును ఎందుకు తీసుకోలేదని మాత్రం అడగలేదు. హార్మోనియం మాస్టారు, పంతొమ్మిదేళ్ళ గొంతు మీద ఐదు పెడితే ముప్పై వచ్చేసరికి జీర పడుతుందని, ఫలానా నటుడికి అలాగే అయిందని అందుకున్నారు. ఆ ఫలానా నటుడి పక్కన తాను నాటకం ఆడానని, ఆయన గొంతు పోవడానికి కారణాలు వేరే ఉన్నాయని ఈయన. రెండో విడత టీలు వచ్చాయి. కెమిస్ట్రీ మాస్టారు తన వాచీ చూసుకుని, క్లాసుందని చెప్పి మెల్లగా లేచిపోయారు.

చివరికి తండ్రి కాస్త దిగి వచ్చాడు. సరే, ఐదు వద్దు, నాలుగు పెట్టి సాధన చేయిస్తానన్నాడు. హార్మోనియం మాస్టారు మూడు దగ్గర నుంచి కదల్లేదు. ఇద్దరి గొంతులూ లేచేసరికి, గిరాకీ పాడవుతోందని టీకొట్టు యజమాని కల్పించుకున్నాడు. "ఎందుకండీ తగువు? మధ్యలో మూడున్నర పెట్టించి పాడించండి."

ఇద్దరూ ఒక్కసారే అతని మీద విరుచుకుపడ్డారు. హార్మోనియం మీద మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు ఉండదని, మూడున్నర శ్రుతి అనేదే లోకంలో లేదని, తెలియకపోతే టీ కాచుకోవాలని.